నిలువు బొమ్మలో పట్టని వదిన

నేను ఫ్లెక్సీల మనిషిని. సూర్యాపేటలో హైవేకి దగ్గర్లో ఉన్న ఒక ప్రింటింగ్ షాపులో పన్నెండేళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుని పెళ్ళిళ్ళకూ, గృహప్రవేశాలకూ, పుట్టినరోజులకూ ఫ్లెక్సీలు డిజైన్ చేశాను. మాకు కొలతంటే అడుగుల్లోనే. ఎనిమిదికి నాలుగు, పదికి ఆరు. ఫ్లెక్సీ అంటే అడ్డంగా పరుచుకుని ఉండేదే. దానికొక పద్ధతి ఉంది. ముఖ్యమైన ఇద్దరినీ రెండు చివర్లా నిలబెట్టాలి. విషయం నడుమ పెట్టాలి. చివరన ఉన్నారంటే తక్కువని కాదు, అక్కడ నిలబెట్టడమే మర్యాద. నడుమ ఇరికించిన వాళ్ళు లెక్కలోకి రారు. ఈ మర్యాద తెలియక కొత్తలో ఒక పెళ్ళికొడుకు మేనమామను నడుమ పెట్టి నానా మాటలూ పడ్డాను.

తర్వాత ఫ్లెక్సీలు తగ్గాయి. వచ్చినవాళ్ళంతా ఫోను చేతిలో పట్టుకుని "రీల్ చేసి ఇయ్యి", "స్టేటస్‌కు ఏదన్న మంచిది చెయ్యి" అనడం మొదలుపెట్టారు. షాపు మానేసి ఇంట్లోనే ల్యాప్‌టాప్ పెట్టుకున్నాను. మాటలతో చెబితే బొమ్మ గీసిచ్చే ఏఐ టూల్స్ వచ్చాక వాటికి ఎలా చెప్పాలో మెల్లగా నేర్చుకున్నాను. తొందరగానే చేయి తిరిగింది. నాకు తెలియనిదేమీ లేదన్న పొగరు కూడా దాంతోపాటే వచ్చిందని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. అప్పుడైతే ఒప్పుకునేదాన్ని కాదు.

మా పుట్టిల్లు మిర్యాలగూడ. అన్నలిద్దరు, వదినలిద్దరు. పెద్దొదిన వేములపల్లి పిల్ల. నాకు అయిదేళ్ళప్పుడు మా ఇంటికి కోడలిగా వచ్చింది. మా అమ్మకు పొలం పనులతో తీరిక లేకపోవడంతో నాకు తలదువ్వింది, అన్నం పెట్టింది, బడికి పంపింది, అవసరమైనప్పుడు వీపు మీద రెండు వేసింది అన్నీ పెద్దొదినే. చిన్నొదినది కోదాడ. ఆమె మాటలో సగం ఆంధ్ర యాస. మా ఇంట్లో గరిజెలన్న వాటిని ఆమె కజ్జికాయలంటుంది. ఆ ఒక్క విషయంలో తప్ప తోడికోడళ్ళిద్దరూ ఏనాడూ పోట్లాడుకోలేదు.

ఇద్దరూ కలిసి ఇంట్లో సకినాలు, గరిజెలు, మురుకులు చేసి అమ్మడం మొదలుపెట్టారు. పెద్దొదిన సకినాలు చుడితే చూడాలి. తడి బియ్యప్పిండి వేళ్ళ మధ్య నుంచి దారంలా జారి గుడ్డ మీద చుట్టలు చుట్టలుగా పడుతుంది. ఒక చుట్ట ఇంకో చుట్టకు అంటుకోదు. చిన్నొదిన వాటిని నూనెలో కాలుస్తుంది, ప్యాక్ చేస్తుంది, ఫోన్లు మాట్లాడుతుంది. గిరాకీ పెరిగాక బస్టాండు వైపు ఒక చిన్న మడిగె, అంటే షాపు గది, కిరాయికి తీసుకున్నారు. దాని ప్రచారమంతా నేను చేస్తానని మాటిచ్చాను.

చిన్నొదిన పెద్ద పట్టికే చెప్పింది. ఛానల్‌లో వంట వీడియోకి థంబ్‌నెయిల్ కావాలి. రీల్‌కి కవర్ కావాలి. స్టోరీకి ఒకటి, పేజీలో పోస్టుకి చదరంగా ఒకటి. "అన్నింట్లోనూ మేమిద్దరం ఉండాలి, అక్కయ్యకి ఫొటోలంటే సరదా, బయటికి చెప్పదు గానీ" అంది.

నాకు నాలుగు బొమ్మలు నాలుగుసార్లు చేసే ఓపిక లేదు. ఫ్లెక్సీ అలవాటు ఉండనే ఉంది. ఒక పెద్ద డిజైన్ చేసి, దాన్నుంచే చిన్నవి కోసుకుంటే పోయె అనుకున్నాను. టూల్‌లో ఇద్దరి ఫొటోలూ ఎక్కించి, సైజు దగ్గర పదహారుకు తొమ్మిది ఎంచుకుని, చెప్పాల్సింది వివరంగా చెప్పాను. అడ్డం బొమ్మ. ఎడమ చివర పెద్దామె, కుడి చివర చిన్నామె, నడుమ ఇత్తడి పళ్ళెంలో సకినాల గుట్ట, వెనక తెల్లటి గోడ, పొద్దుటి ఎండ. అక్షరాలు వద్దన్నాను. తెలుగు అక్షరాలు రాయమంటే ఆ టూల్ గుణింతాలన్నీ కలిపి ముద్ద చేస్తుంది. పైన ఖాళీ ఉంచమని చెప్పి, అక్షరాలు నేను తర్వాత వేసుకుంటాను. మొదటిసారి పెద్దొదిన ముక్కుపుల్ల ఎడమ నుంచి కుడికి మారింది. రెండోసారి సరిగ్గా వచ్చింది.

బొమ్మ అద్భుతంగా వచ్చింది. కంప్యూటర్ తెర నిండా చూసుకుని మురిసిపోయాను. వదినలిద్దరూ రెండు చివర్లా మహారాణుల్లా ఉన్నారు.

ఇక కోయడం. చదరపు పోస్టుకి పెడితే అడ్డం బొమ్మ వెడల్పులో సగానికి కొంచెం ఎక్కువ మాత్రమే మిగిలింది. రీల్‌కి కావాల్సింది తొమ్మిదికి పదహారు, అంటే నిలువు. అడ్డం బొమ్మ నుంచి నిలువు ముక్క కోస్తే వెడల్పులో మూడో వంతు కూడా దక్కదు. నడుమ కోస్తే ఒట్టి సకినాల గుట్టే వచ్చింది. మొహం లేని కవర్ ఎవరు చూస్తారు? కోతకు గుర్తుగా ఉండే గీతల పెట్టెను పట్టుకుని కుడి పక్కకు జరిపాను. చిన్నొదిన నవ్వుతూ, కెమెరాలోకి చూస్తూ, చక్కగా సరిపోయింది. చదరపు దానికీ అదే కుడి పక్క. స్టోరీకీ అదే. పని అయిపోయింది. ఈ మొత్తం పనికి రెండు నిమిషాలు పట్టిందేమో. ఎడమ పక్కన ఎవరున్నారన్నది ఆ రెండు నిమిషాల్లో నాకు తట్టనే లేదు. ఎందుకంటే పెద్ద బొమ్మ నా తెర మీద తెరిచే ఉంది, అందులో ఇద్దరూ ఉన్నారు.

మడిగె తెరిచిన రోజు అన్నీ పెట్టేశాం. లైకులొచ్చాయి, ఫోన్లొచ్చాయి. నాలుగో రోజు పొద్దున చిన్నొదిన ఫోన్ చేసింది.

"అక్కయ్య నిన్నా మొన్నా షాపుకి రాలేదు. మోకాళ్ళ నొప్పులంటోంది. సకినాలు చుట్టేవాళ్ళు లేరు, ఆర్డర్లు ఆగిపోయాయి. నువ్వొకసారి రా అమ్మా."

"డాక్టర్‌కు సూపిచ్చిండ్రా?"

చిన్నొదిన గొంతు తగ్గించింది. "మోకాళ్ళు కాదులే. ఆ ఫొటోల గురించి. రీల్ చూసి షాపు తెరిచిన రోజే ఒకావిడ వచ్చింది. అక్కయ్య కింద కూర్చుని సకినాలు చుడుతోంది. నాతో అంటుందీ, బాగుందమ్మా, అప్పుడే పనిమనిషిని కూడా పెట్టుకున్నారా అని. అక్కయ్య వినింది."

నాకు మొదట వచ్చింది కోపం, నిజం చెప్పాలంటే. ఎవరో ఏదో అంటే నా బొమ్మలదేం తప్పు? బంగారం లాంటి డిజైన్ చేసిస్తే దాని మీద అలకేంటి? ఇద్దరూ ఉన్నారు కదా అందులో! ఈ మాటలన్నీ పెద్దొదినకు ఎలా చెప్పాలో వరస పేర్చుకుంటూనే మిర్యాలగూడ బస్సెక్కాను.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఫోన్ తీసి వాళ్ళ పేజీ తెరిచాను. పెట్టినప్పటి నుంచి దాన్ని ఫోన్‌లో చూడడం అదే మొదటిసారి. పన్నెండేళ్ళు ఫ్లెక్సీలు చేసినదాన్ని, కట్టాక రోడ్డు మీద నిలబడి చూసుకోనిదే ఇంటికెళ్ళేదాన్ని కాదు. దీన్ని మాత్రం కంప్యూటర్‌లో చూసి వదిలేశాను.

రీల్ కవర్‌లో చిన్నొదిన ఒక్కతే. స్టోరీలో చిన్నొదిన ఒక్కతే. చదరపు పోస్టులో చిన్నొదిన, సకినాలు, పళ్ళేన్ని పట్టుకున్న ఒక చెయ్యి. రెండు ఆకుపచ్చ గాజులు, కోసేసిన మణికట్టు. ఆ చెయ్యి ఎవరిదో చూసేవాళ్ళకు తెలియదు. నాకు తెలుసు. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే నుదుటి మీద ఉండే చెయ్యి అది. ఇద్దరూ ఉన్న బొమ్మ ఒక్క థంబ్‌నెయిల్ మాత్రమే, అది ఛానల్‌లోకి వెళ్ళిన వాళ్ళకే కనిపిస్తుంది. మా ఊళ్ళో ఛానల్ ఎవరు తెరుస్తారు? అందరూ చూసేది రీల్సూ స్టేటస్సులే. బస్సు దిగేసరికి నేను పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ మిగల్లేదు. సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది గానీ పక్కనున్నావిడ చూస్తోందని ఆపుకున్నాను.

ఇంటికెళితే పెద్దొదిన వసారాలో బియ్యం చెరుగుతోంది.

"ఏం బిడ్డా, ఒక్కదానివే వచ్చినవ్? కూసో, ఛాయ్ పెడత" అని లేచింది. మోకాళ్ళు బాగానే ఉన్నాయి. గాజు గ్లాసులో కాకుండా, చుట్టాలకు తీసే కప్పూ సాసరులో ఛాయ్ తెచ్చింది. నా పుట్టింట్లో నాకు సాసరు! దానికంటే ఆమె నాలుగు తిట్టినా బాగుండేది.

"వదినె, ఫొటోల సంగతి..."

"మంచిగున్నయ్‌లే. మంచిగ చేసినవ్."

"నిన్ను కావాలని తియ్యలే వదినె. అది అడ్డం బొమ్మ. రీల్ నిలువు ఉంటది. ఇద్దరు పట్టలే."

"పట్టకపోతే ఏం జేస్తవ్ మరి" అంది మామూలుగా, చాట పక్కన పెడుతూ. "నేను షాపుకు రాకపోయినా పని ఆగదు. గీడనే కూసొని చుట్టి పంపిస్త. గాడ నన్ను సూసి ఎవరో ఏదో అనుకునుడెందుకు? చిన్నామె మంచిగ మాట్లాడ్తది, ఫోన్ల మంచిగ కనిపిస్తది. గామెనే ఉండనీ."

ఆ మాటతో నాకు విషయం పూర్తిగా అర్థమైంది. పెద్దొదిన అలగలేదు. తప్పుకుంటోంది. ఇంట్లోంచి సకినాలు వెళతాయి, మడిగెలో ఆమె ఉండదు. ఇంకో రెండు నెలలైతే నిజంగానే అది చిన్నొదిన ఒక్కదాని షాపు అవుతుంది, ఎవరూ ఎవరినీ ఏమీ అనకుండానే.

"సాయంత్రం లోపల కొత్తయి చేస్త. చూసినంక చెప్పు" అన్నాను. ఆమె చాట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది.

ముందు తేలిక దారి చూశాను. పాత అడ్డం బొమ్మనే టూల్‌కిచ్చి, పైనా కిందా పెంచి నిలువు చెయ్యమన్నాను. చేసింది. పైన బోలెడంత గోడ, కింద బోలెడంత నేల, నడుమ సన్నటి పట్టీలో వదినలిద్దరూ చీమల్లా. పెద్దొదిన నా భుజం మీద నుంచి తొంగి చూసి "గోడ మంచిగొచ్చింది" అంది. వెటకారం చేసిందంటే కొంచెం మెత్తబడుతున్నట్టే అని ధైర్యం వచ్చింది.

సైజు మార్చి, మాటలు మాత్రం పాతవే ఉంచి మళ్ళీ అడిగాను. తొమ్మిదికి పదహారులో రెండు చివర్లా ఇద్దరు. నిలువు బొమ్మకు అంత వెడల్పు ఎక్కడిది? ఇద్దరి భుజాలూ సగం సగం తెగిపోయాయి. ఇంకోసారి అడిగితే పెద్దొదినను ఎక్కడో వెనక, తలుపు దగ్గర చిన్నగా నిలబెట్టింది. అది చూపించకుండా తుడిచేశాను. సైజు బటన్ మారిస్తే సరిపోదు. నిలువులో మనుషులు ఎట్లా ఉంటారో కూడా మాటల్లో మార్చి చెప్పాలి. ఎట్లా ఉంటారు మరి? పక్కపక్కన ఇమడరంటే ఒకరు పైన, ఒకరు కింద ఉండాలి. తోడికోడళ్ళలో ఎవరిని పైన పెట్టను, ఎవరిని కింద పెట్టను? ఇది ఫ్లెక్సీ మేనమామ కంటే పెద్ద చిక్కులా ఉందే అనుకున్నాను.

మధ్యాహ్నం చిన్నొదిన మడిగెకు తాళం వేసి పిండి బకెట్టుతో ఇంటికొచ్చేసింది.

"రేపటికి ఆర్డర్ ఇవ్వాలక్కయ్యా. నువ్వు రాకపోతే పిండే నీ దగ్గరకొచ్చింది, కూర్చో" అంది. పెద్దొదిన వసారాలో గుడ్డ పరిచి కూర్చుంది. చిన్నొదిన ఆమె వెనకే స్టవ్ పెట్టిన గట్టు దగ్గర నిలబడి నూనె కాగబెట్టింది. ఈమె కింద చుడుతోంది, ఆమె వెనక నిలబడి కాలుస్తోంది. చుట్టినవి తీసుకోవడానికి చిన్నొదిన వంగినప్పుడల్లా ఇద్దరి మొహాలూ దగ్గరకొస్తున్నాయి.

నేను వెతుకుతున్న నిలువు బొమ్మ నా ఎదురుగానే ఉంది. రోజూ వాళ్ళు అట్లాగే పనిచేస్తారు. ఒకరు పైన, ఒకరు కింద కాదు, ఒకరు ముందు, ఒకరు వెనక. ముందున్నది పెద్దొదిన. నేను దాన్ని ఎన్నిసార్లు చూసి ఉంటానో! బొమ్మ చేసేటప్పుడు మాత్రం పని ఎట్లా జరుగుతుందో చూడకుండా ఫ్లెక్సీ మర్యాద పట్టుకుని కూర్చున్నాను.

ఫోన్ నిలువుగా పట్టుకుని ఫొటో తీశాను. దాన్నే టూల్‌కిచ్చి, సైజు తొమ్మిదికి పదహారు పెట్టి చెప్పాను. ముందు పెద్దామె నేల మీద కూర్చుని సకినాలు చుడుతోంది, వెనకే చిన్నామె స్టవ్ దగ్గర నిలబడి ఆమె వైపు వంగింది, ఇద్దరి మొహాలూ, సకినాల గుడ్డా బొమ్మ నడిమి భాగంలోనే రావాలి, పైన గోడ ఖాళీ, కింద నేల ఖాళీ. ముక్కుపుల్ల ఎడమ వైపేనని మరీ మరీ చెప్పాను. అయినా రెండుసార్లు తప్పింది. మూడోసారి వచ్చింది.

"గా పైన కింద గంత జాగ ఎందుకు ఇడిసిపెట్టినవ్?" అంది పెద్దొదిన పిండి చేత్తోనే ఫోన్ వైపు చూపిస్తూ.

"స్టోరీల పైన పేరొస్తది వదినె, కింద మెసేజ్ రాసే డబ్బా వస్తది. రీల్‌ల కింద పేరు, రాతలు, కుడి పక్క లైకు గుర్తులు వస్తయి. మొహం గాడుంటే వాటి కిందకు పోతది. మళ్ళ పేజీ తెరిస్తే గళ్ళు గళ్ళుగ కనిపిస్తది చూడు, అందుల పైన కింద ఎనిమిదో వంతు కోసేస్తది."

"అంటే నడుమ ఉన్నదే నిలబడ్తది."

"ఆఁ."

ఆమె చేతులు కడుక్కుని వచ్చింది. ఫోన్ తీసుకుని, పైన రెండు వేళ్ళు అడ్డం పెట్టింది. కింద అరచెయ్యి పెట్టింది. మిగిలిన నడిమి భాగాన్ని కళ్ళు చికిలించి చూసింది. ఇద్దరూ ఉన్నారు. తన మొహం, వంగిన చిన్నొదిన మొహం, నడుమ సగం చుట్టిన సకినం. చిన్నొదిన కూడా వచ్చి చూసి "అక్కయ్యా, నీదే పెద్దగా వచ్చింది" అంది నవ్వుతూ.

"ముందు కూసున్న గదా" అంది పెద్దొదిన. ఆ మాటలో దాచుకోలేని సంబరముంది. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది.

చదరానికి వేరే అడిగాను. ఒకటికి ఒకటి సైజు పెట్టి, ఇద్దరూ భుజం భుజం ఆనించి కూర్చున్నట్టు, పళ్ళెం ఇద్దరి ఒళ్ళోనూ ఉన్నట్టు చెప్పాను. థంబ్‌నెయిల్‌కు మళ్ళీ పదహారుకు తొమ్మిదే. ఈసారి చివర్లకు పంపకుండా ఇద్దరినీ దగ్గరగా, మొహాలు పెద్దగా చేయించాను. కుడి వైపు కింది మూల ఖాళీ ఉంచమన్నాను, వీడియో ఎంతసేపో చెప్పే అంకెలు అక్కడ పడతాయి. ఒక్కొక్క దాన్నీ ఫోన్‌లోకి పంపుకుని, ఫోన్‌లోనే చూశాను. ఆమె చేత చూపించుకున్నాను. పాతవి తీసేసి కొత్తవి పెట్టాను.

పొద్దు గుంకే వేళకు చిన్నొదిన బకెట్టు తీసుకుని షాపుకు వెళ్ళింది. పెద్దొదిన "మంచిగున్నయ్" అంది గానీ మడిగెకు వస్తాననలేదు. నేను ఆ రాత్రికి అక్కడే ఉండిపోయాను. ఒత్తిడి చేస్తే బిగుసుకుంటుందని తెలుసు కాబట్టి ఏమీ అడగలేదు.

పొద్దున లేచి వసారాలో ఛాయ్ తాగుతున్నాను. ఈసారి గాజు గ్లాసులోనే ఇచ్చింది. గోడకు పెద్దన్న పెళ్ళి ఫొటో ఉంది. నలుపూ తెలుపూ కాదు, రంగులదే, కానీ వెలిసిపోయింది. దాని ఫ్రేమ్ ఎప్పుడూ నాకు వింతగా ఉండేది. మామూలు ఫ్రేముల్లా కాకుండా అడ్డంగా మరీ పొడుగు, గోడ మీద రెండు మేకులు కొడితే గానీ ఆగదు. పక్కనున్న ఫొటోలన్నీ ఒక వరసలో ఉంటే అదొక్కటే బయటికి పొడుచుకొచ్చినట్టుంటుంది. పని మీద పడ్డ కళ్ళు కదా, ఊరికే ఉండలేక అన్నాను.

"వదినె, గీ ఫ్రేమ్ ఏం సైజు? గిట్లాంటిది యాడా దొరకదు."

"దొరకలే గందుకే చేపిచ్చిన." పెద్దొదిన సకినాల గుడ్డను మడతపెట్టి సంచిలో పెడుతోంది. "రెడీగ ఉన్న ఫ్రేమ్‌ల పట్టదమ్మా, ఒక పక్క జర కోస్తే సరిగ్గ అయితది అన్నడు ఫ్రేమ్‌లు కట్టేటాయన. ఏ పక్క కోస్తవయ్యా అంటే ఎడమ పక్క అన్నడు. గాడ నువ్వున్నవ్."

నేను గ్లాసు కింద పెట్టి ఫొటో వైపు తిరిగాను.

"కోస్తే నువ్వే పోతవ్ బిడ్డా. కోయొద్దన్న. ఫొటోకు తగ్గట్టు ఫ్రేమ్ చెయ్యమన్న." అదేమీ పెద్ద సంగతి కానట్టు చెప్పి, సంచి భుజానికి తగిలించుకుంది. "ఇగ నేను షాపుకు పోతున్న. గిరాకీ వచ్చే టైమయింది. ఛాయ్ తాగి గ్లాసు కడిగి పెట్టు."

చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. నేను లేచి ఫొటో దగ్గరికెళ్ళాను. నడుమ అన్నా వదినా, బాసికాలు, తలంబ్రాల బియ్యం. ఎడమ చివర, చెక్కకు వేలెడంత దూరంలో, కుచ్చుల గౌనులో అయిదేళ్ళ పిల్ల కొత్త పెళ్ళికూతురి కొంగు పట్టుకుని నిలబడి ఉంది. రిబ్బను ఊడింది, ఒక కన్ను మూసుకుపోయింది, చేతిలో సగం కొరికిన లడ్డూ. ఏదీ తెగలేదు.